కాఫీ తాగితే కడుపు నిండుతుందా: ముట్లుడిగాక ఎముకలు గుల్లబారిన ఒక కేసు

గోదావరి వైపు ఒక చిన్న టౌన్‌లో ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ కేసులో నేను తీసుకున్న ఒక నిర్ణయం కాగితం మీద సరైనదే, ఆవిడ ఇంట్లో మాత్రం పనిచేయలేదు. అందుకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యం, రిపోర్టుల వరస ఉన్నదున్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఆవిడకి 56 ఏళ్లు. భర్తతో కలిసి టిఫిన్ బండి నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పదకొండింటి దాకా పొయ్యి దగ్గరే ఉంటుంది. మిగతా రోజంతా ఇంట్లో పప్పు నానబోయడం, రుబ్బడం. ఎండ మొహం చూసేది తక్కువ. బీపీ, షుగర్ లేవు. పొగాకు, చుట్ట అలవాటు లేదు. "గ్యాస్" అని ఐదారేళ్లుగా రోజూ పొద్దున్నే ఒక పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటోంది. దాంతోపాటు నాలుగేళ్లుగా ఒక కాల్షియం మాత్ర కూడా. టౌన్‌లో జరిగిన ఒక ఉచిత క్యాంపులో మడమని మెషిన్‌లో పెట్టి చూసి "ఎముకలు వీక్‌గా ఉన్నాయి, కాల్షియం వాడండి" అన్నారట. అప్పటినుంచి మెడికల్ షాపులో కొనుక్కుని మానకుండా వేసుకుంటోంది.

సమస్య

బండి దగ్గర 20 లీటర్ల వాటర్ టిన్ను ఎత్తి స్టూలు మీద పెడుతుంటే వీపులో "కటుక్కు"మందట. మూడు వారాలు నొప్పి మాత్రలు వాడి, ఇంజెక్షన్లు చేయించుకుని, తగ్గక నా దగ్గరికి వచ్చింది. రాసిచ్చిన చీటీలో "నడుం పట్టు" అని ఉంది.

నడుం పట్టయితే నొప్పి పక్కలకి, కండ మీద ఉంటుంది. ఈవిడ మాత్రం వీపు మధ్యలో, జాకెట్టు అంచుకి కాస్త కింద, ఒకే చోట వేలు పెట్టి చూపించింది. అక్కడ పిడికిలితో మెల్లగా తడితే ఉలిక్కిపడింది. నిలబడితే నొప్పి, పడుకుంటే హాయి, పక్కకి తిరిగి లేవబోతే మళ్లీ ప్రాణం పోతుంది. ఈ మూడూ కలిస్తే నేను ముందు పూస విరిగిందేమో అనుకుంటాను.

గోడకి ఆనించి నిలబెట్టాను. మడమలు, పిర్రలు గోడకి తగిలాయి, తల వెనక భాగం మాత్రం తగల్లేదు. మధ్యలో నా మూడు వేళ్లు పట్టాయి. ఎత్తు 149 సెంటీమీటర్లు. వయసులో ఎంత ఉండేదో ఆవిడకి తెలియదు, కానీ ఒక మాట అంది: "ఈమధ్య జాకెట్లు వెనక పైకి లేచిపోతున్నాయండీ, ముందు వదులుగా వేలాడుతున్నాయి. టైలరు కొలతలు పాడు చేస్తున్నాడని మార్చేశాను." టైలరు తప్పేమీ లేదు. వీపు వంగుతోంది. అప్పటినుంచి ఈ వయసు ఆడవాళ్లని నేను ఎత్తు తగ్గిందా అని అడగడం మానేసి, జాకెట్టు సంగతి అడుగుతున్నాను. జవాబు వెంటనే వస్తుంది.

ఎక్స్‌రేలో పన్నెండో వీపు పూస ముందు వైపు నలిగి, పక్కనుంచి చూస్తే ముందు సన్నగా, వెనక మందంగా ఉండే చెక్క చీలలా ఉంది. డెక్సా స్కాన్‌కి పెద్ద ఊరు పంపాను. నడుం పూసల సాంద్రత చదరపు సెంటీమీటరుకి 0.706 గ్రాములు, టీ స్కోరు మైనస్ 3.1 వచ్చింది. టీ స్కోరంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుకి మనం ఎంత కింద ఉన్నామో చెప్పే లెక్క. అది మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటాం. నిజానికి టిన్ను ఎత్తినంత మాత్రాన పూస విరిగిందంటే స్కోరు ఎంతున్నా వైద్యం చేయాల్సిందే.

56 ఏళ్లకే ఇంత ఎందుకు?

వయసుని బట్టి ముట్లుడిగి ఐదారేళ్లయి ఉంటుందనుకున్న మనిషి ఎముకలు ఇంతగా దిగజారడం నాకు నచ్చలేదు. వేరే కారణం ఉందేమో వెతకాలి. మన దగ్గర ముందు అనుమానించాల్సింది స్టెరాయిడ్లు. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఇచ్చే పొట్లం మాత్రల్లో చాలాసార్లు అవే ఉంటాయి. అడిగితే లేదంది. వెన్నుపూస టీబీ, మైలోమా అనే రక్త క్యాన్సర్ కూడా పూసని ఇలాగే నలిపేస్తాయి కాబట్టి వాటికి సంబంధించిన పరీక్షలు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి.

బాగా లేనివి మూడు. విటమిన్ డి 9 మాత్రమే ఉంది, కనీసం 20 దాటాలి. రక్తంలో కాల్షియం కింది అంచులో ఉంది. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉంది, అంటే రక్తంలో తగ్గిన కాల్షియాన్ని ఎముకలోంచి లాగుతోంది.

అయినా లెక్క కుదరలేదు. అప్పుడు అడిగాను, ముట్లు ఎప్పుడు ఆగాయని.

"ముట్లెక్కడివండీ, నా 34వ ఏటే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, కడుపునొప్పి ఉంటే క్యాన్సర్ వస్తుందన్నారు."

"ఆపరేషన్ అయ్యాక ఒంట్లో ఆవిర్లు వచ్చాయా అమ్మా?"

"రాకపోవడమేంటండీ! నెల తిరక్కుండానే. సంక్రాంతి చలిలో కూడా ఫ్యాను వేసుకుని పడుకునేదాన్ని. వేడి చేసిందని మా అత్తగారు మజ్జిగ తాగించేది."

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలలోపు ఇంతలా ఆవిర్లు రావడం అరుదు. అండాశయాలు కూడా పోయాయేమో అనుమానించాలి. మరుసటిసారి రేషన్ కార్డు కవర్లో మడతపెట్టి ఉన్న డిశ్చార్జ్ కాగితం తెచ్చింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు అందులో రాసి ఉంది. 22 ఏళ్లుగా ఆ కాగితం ఇంట్లోనే ఉంది, ఎవరూ అడగలేదు.

ఈ కథ మన దగ్గర కొత్తది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. వాళ్లలో ఎంతమందికి అండాశయాలు ఉన్నాయో వాళ్లకే తెలియదు.

ఈస్ట్రోజన్ పోతే ఏం జరుగుతుంది

ఆవిడకి చెప్పిన పద్ధతిలోనే ఇక్కడా చెప్తాను. ఎముకలో రెండు ముఠాలు పనిచేస్తుంటాయి. ఒకటి పాత ఎముకని తవ్వేది, రెండోది ఆ గుంటని పూడ్చేది. తవ్వే ముఠా రెండు మూడు వారాల్లో తన పని చేసేస్తుంది. పూడ్చే ముఠాకి మూడు నాలుగు నెలలు పడుతుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ ఇక్కడ మేస్త్రి. తవ్వేవాళ్లు ఎంతమంది దిగాలి, ఎన్నాళ్లు తవ్వాలి అన్నది దాని అదుపులో ఉంటుంది. మేస్త్రి లేకపోతే ఒకేసారి చాలా చోట్ల తవ్వకం మొదలవుతుంది, గుంటలు లోతవుతాయి. పూడ్చేవాళ్లూ పని పెంచుతారు కానీ అందుకోలేరు. పూసల లోపలి ఎముక స్పాంజిలా సన్నటి పలకలతో ఉంటుంది. గుంట లోతైతే పలక తెగిపోతుంది. తెగాక ఇక పూడ్చడానికి ఆధారమే ఉండదు. మణికట్టు, వెన్నుపూస ముందుగా విరగడానికి ఇదే కారణం.

మామూలుగా ముట్లు ఆగే రోజుల్లో నడుం పూసలు ఏడాదికి 2 శాతం చొప్పున కొన్నేళ్లపాటు తగ్గి, తర్వాత నెమ్మదిస్తాయి. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పడిపోతుంది కాబట్టి ఆ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. ఈవిడకి 50 దాటాక రావాల్సింది 34కే మొదలైంది. పేగులో కాల్షియం పీల్చుకోవడానికి, మూత్రంలో పోకుండా ఆపడానికి కూడా ఈస్ట్రోజన్ సాయం కావాలి. ఆ సాయమూ పోయింది.

మరి నాలుగేళ్ల కాల్షియం మాత్రలు ఏం చేసినట్టు? కాల్షియం సిమెంటు లాంటిది. సిమెంటు లేకపోతే పూడ్చేవాళ్ల పని ఆగుతుంది, నిజమే. కానీ ఎన్ని బస్తాలు దించినా తవ్వేవాళ్లు ఆగరు. పైగా ఈవిడ బస్తాలు సైటుకి చేరనే లేదు. ఆవిడ వాడేది కాల్షియం కార్బొనేట్. అది కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, అంటే అన్నంతో వేసుకోవాలి. ఈవిడ తెల్లవారుజామున పరగడుపున, యాసిడ్ తగ్గించే మాత్రతో కలిపి వేసుకుంటోంది. పీల్చుకోవడానికి విటమిన్ డి కూడా లేదు.

మొదట చేసింది

విరిగిన పూసకి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నాను. మంచానికే పరిమితం కావద్దని కూడా అన్నాను, పడుకునే ఉంటే ఎముక ఇంకా తగ్గుతుంది. టిన్నుల పని భర్తకి అప్పగించింది.

ఎముక తవ్వకాన్ని ఆపే మందు వెంటనే మొదలుపెట్టాలని చెయ్యి లాగింది, కానీ ఆగాను. విటమిన్ డి ఇంత తక్కువ ఉన్నప్పుడు శరీరం రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టుకుంటున్నదే ఎముకని తవ్వి. ఆ తవ్వకాన్ని ఒక్కసారి ఆపేస్తే కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకని ముందు వారానికి ఒక 60,000 యూనిట్ల డి పొడి పొట్లం, ఎనిమిది వారాలు, మధ్యాహ్నం భోజనం అయ్యాక పాలతో. ఆ తర్వాత నెలకొకటి. నెలకొకటి అన్న మాట చీటీ మీద పెద్దక్షరాలతో రాశాను. వారం పొట్లాన్ని ఏళ్ల తరబడి వాడి, కాల్షియం పెరిగిపోయి వాంతులతో వచ్చినవాళ్లని చూశాను. ఎండ చాలదా అని మీరడగొచ్చు. ఎండకి కొదవలేని తిరుపతి ప్రాంతంలో చేసిన అధ్యయనాల్లో కూడా విటమిన్ డి లోపం ఎక్కువగానే కనిపించింది. నీడలో బతికే మనిషికి ఊళ్లో ఎండ ఎంతుంటే ఏం?

కాల్షియం లెక్క కూర్చుని వేశాం. ముట్లుడిగినవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. ఈవిడ తాగే ఐదు కాఫీల్లో కలిపి పావు లీటరు పాలు ఉంటాయి, అది 300. పెరుగు ఒక కప్పు, పప్పులు, ఆకుకూరలు కలిపితే ఇంకో 300. అంటే సగం లోటు. రోజూ 50 గ్రాముల రాగిపిండితో అంబలి కాచుకోమన్నాను, 180 వరకు వస్తుంది. మిగతాదానికి 500 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాత్ర ఒక్కటి, మధ్యాహ్నం అన్నంతో. రెండు అక్కర్లేదు. అమెరికాలో 36 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగి 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో, రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం, కొంచెం విటమిన్ డి ఇస్తే తుంటి సాంద్రత కాస్త మెరుగైంది, తుంటి ఫ్రాక్చర్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కిడ్నీ రాళ్లు మాత్రం పెరిగాయి. లోటు ఎంతో అంతే పూడ్చాలన్నది నేను దాన్నుంచి తీసుకున్నది. గ్యాస్ మాత్ర మెల్లగా తగ్గించి మానిపించాం. రాత్రి తొమ్మిదిన్నరకి తినడం ఏడున్నరకి మారిస్తే సగం గ్యాస్ తనంతటదే పోయింది.

పదో వారానికి విటమిన్ డి 34కి వచ్చింది, పారాథైరాయిడ్ దిగింది. తవ్వకం ఎంత జరుగుతోందో చెప్పే సీటీఎక్స్ అనే రక్తపరీక్ష మాత్రం 742. సిమెంటు సరిపడా వచ్చాక కూడా తవ్వకం ఆగలేదన్నమాట.

ఎక్కడ దెబ్బతిన్నాను

వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చాను. చవక, పనిచేస్తుందని రుజువైన మందు. చెప్పాల్సింది చెప్పాను: పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో, అరగంట దాకా ఏమీ తినొద్దు, పడుకోవద్దు. నాలుగు నెలలకి సీటీఎక్స్ మళ్లీ చేయిస్తే 655. సగానికి పైగా పడాల్సిన సంఖ్య అది. గొంతులో మంట కూడా మొదలైంది.

మందు పనిచేయడం లేదా, మింగడంలో తేడా ఉందా? రెండోదే ఎక్కువగా ఉంటుంది. "మాత్ర వేసుకున్న రోజు పొద్దున్న ఏమేం చేస్తావో లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా" అన్నాను. లేచి, మొహం కడుక్కుని, పొయ్యి వెలిగించి, కాఫీ పెట్టుకుని, ఆ కాఫీతోనే మాత్ర.

"పరగడుపున అన్నాను కదమ్మా?"

"పరగడుపేనండీ! కాఫీ తాగితే కడుపు నిండుతుందా ఏంటి?"

ఈ మందు మంచినీళ్లతో వేసుకున్నా నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. కాఫీతో అందులోనూ సగానికి పైగా పోతుంది. తప్పు ఆవిడది కాదు. నాలుగింటికి లేచి పొయ్యి ముందు నిలబడే మనిషికి కాఫీ లెక్కలోకి రాదని నాకు తట్టలేదు. అరగంట కాఫీ లేకుండా ఉండగలదా అని అడిగితే నవ్వింది. ఆ నవ్వుతో మాత్ర దారి మూసుకుపోయింది.

తర్వాత ఏ దారి

ఆవిడ కూతురు తెలివైన ప్రశ్న వేసింది. పోయింది ఈస్ట్రోజన్ అయితే అదే ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వాల్సిన సమయంలో అదే సరైన వైద్యం. 45 లోపు అండాశయాలు పోయినవాళ్లకి, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే 50, 51 ఏళ్ల దాకా ఈస్ట్రోజన్ ఇవ్వడం మంచిది. గర్భసంచి లేనివాళ్లకి ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ కూడా అక్కర్లేదు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఆగిపోయాక ఈ మందంటే అందరికీ భయం పట్టుకుంది. ఆ పరీక్షలో రెండు హార్మోన్లూ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయి. తుంటి ఫ్రాక్చర్లు మూడో వంతు తగ్గాయి కూడా. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. ఆ భయాన్ని 34 ఏళ్ల మనిషికి తగిలించడం పొరపాటు. అయితే ఈవిడకి ఈస్ట్రోజన్ పోయి 22 ఏళ్లు. ఇంత ఆలస్యంగా మొదలుపెడితే గుండెకి, మెదడుకి ముప్పు పెరుగుతుంది. పైగా ఎముకకి వేరే మంచి మందులున్నాయి. అందుకే వద్దన్నాను.

ఆరు నెలలకొకటి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ బలమైనది. కానీ ఒక్క డోసు ఆలస్యమైతే ఆపిన తవ్వకం అంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది, వరసగా పూసలు విరగొచ్చు. పెళ్లిళ్ల సీజన్లో నా దగ్గరికి రావడమే మానేసే మనిషికి అది ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. ఎముకని కట్టే టెరిపారటైడ్ రోజూ పొడుచుకోవాలి, నెలకి వేలల్లో ఖర్చు. ఇంకో పూస విరిగి ఉంటే దానికే పట్టుబట్టేవాణ్ని.

చివరికి ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఎంచుకున్నాం. కాఫీ గొడవ లేదు, గొంతు మంట లేదు, ఒకవేళ రావడం ఆలస్యమైనా ఎముక ఒక్కసారిగా జారిపోదు. ముందు కిడ్నీ పరీక్ష, పళ్ల పరీక్ష చేయించాం. పీకాల్సిన దంతం ఒకటుంటే పీకించి, పుండు మానేదాకా ఆగాం. మందు ఎక్కించాక మర్నాడు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చని, రెండు మూడు రోజుల్లో పోతాయని ముందే చెప్పి పారాసెటమాల్ ఇచ్చి పంపాను. సరిగ్గా అలాగే వచ్చింది. చెప్పి ఉండకపోతే రెండో ఏడు వచ్చేది కాదు. ఆరు నెలలకి సీటీఎక్స్ 190.

వ్యాయామం దగ్గర ఒక ప్రమాదం

నొప్పి తగ్గాక టీవీలో చూసి సూర్య నమస్కారాలు మొదలుపెట్టింది. వంగి పాదాలు పట్టుకునే భంగిమలో నొప్పి మళ్లీ మెలిపెట్టింది. అదృష్టం కొద్దీ కొత్త ఫ్రాక్చర్ లేదు. పూస ముందు భాగం ఇప్పటికే బలహీనంగా ఉంది, ముందుకి వంగితే బరువంతా దాని మీదే పడుతుంది. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం, పడుకుని లేచే పొట్ట వ్యాయామాలు ఇలాంటివాళ్లకి పనికిరావు.

"నడుస్తాను కదండీ" అన్నది రెండో వాదన. నడక గుండెకి మంచిది. కానీ పూసలు రోజూ మోసే బరువుకి అలవాటు పడిపోయి ఉంటాయి. కొంచెం కొత్త బరువు, కొద్ది సేపు పడితేనే ఎముక స్పందిస్తుంది. ఫిజియోథెరపిస్టు నేర్పినవి నాలుగే. పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకుని ఛాతీ కొంచెం పైకి లేపడం. చేతులు ఆనించకుండా స్టూలు మీంచి పదిసార్లు లేవడం. లీటరు నీళ్ల సీసాలు రెండు భుజాల పైకి ఎత్తడం, మూడు నెలలకి రెండు లీటర్లవి. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. వారానికి మూడు రోజులు. పిండి గిన్నె ఎత్తేటప్పుడు వీపు వంచకుండా తుంటి దగ్గర వంగి, మోకాళ్లతో లేవడం విడిగా నేర్పాం. వీటితో ఎముక పెరిగేది మహా అయితే ఒకటి రెండు శాతం. నేను ఆశించింది కాళ్లలో బలం. పడని మనిషికి తుంటి విరగడం అరుదు.

రెండేళ్ల తర్వాత

అదే సెంటర్లో, అదే మెషిన్ మీద డెక్సా చేయించాను. వేరే మెషిన్ అయితే రెండు సంఖ్యల్ని పోల్చలేం. నడుం పూసలు 0.706 నుంచి 0.752కి వచ్చాయి, అంటే ఆరున్నర శాతం. టీ స్కోరు మైనస్ 2.7. ఇప్పటికీ ఆస్టియోపోరోసిస్ గీత కిందే ఉంది. కొత్త ఫ్రాక్చర్ లేదు. నలిగిన పూస అలాగే ఉంది, ఎత్తు తిరిగి రాలేదు, వంగిన వీపు కొంచెమే నిలబడింది. మొదటి రోజు స్టూలు మీంచి చేతుల్లేకుండా లేవలేకపోయిన మనిషి ఇప్పుడు పన్నెండుసార్లు లేస్తుంది. మూడో డోసు ఎక్కించాక మందు కొన్నాళ్లు ఆపవచ్చా అన్నది అప్పటి తుంటి సాంద్రతని బట్టి చూడాలి.

మూడో డోసుకి వచ్చినప్పుడు కూతుర్నీ తీసుకొచ్చింది. ఆ అమ్మాయికి 35. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని గర్భసంచి తీయించుకోమన్నారట. స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ తప్ప ఏమీ లేదు. నేను గైనకాలజిస్టుని కాదు, ఆపరేషన్ కావాలో వద్దో చెప్పలేను, ఇంకో గైనకాలజిస్టు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోమన్నాను. ఈలోపు తల్లి నా చేతిలోంచి చీటీ లాక్కుని కూతురికిచ్చింది.

"ఇందులో రాయించుకోవే. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని అడుగు. తీస్తామంటే ఎందుకో రాసిమ్మను."